75 వేల బడ్జెట్: మిర్రర్‌లెస్ కెమెరానా, మంచి ఫోనా? పాప నాట్యం ఫొటోలు తీయాలి

గోదారిగట్టు
ఫొటోగ్రఫీ నేర్చుకోవాలని ఎప్పట్నుంచో ఉంది, ఇన్నాళ్ళూ ఫోన్‌తోనే కాలక్షేపం చేశాను. మాది రాజమండ్రి. పాపకి పదకొండేళ్ళు, కూచిపూడి నేర్చుకుంటోంది. పోయిన నెల గుడి కల్యాణ మండపంలో కార్యక్రమం పెడితే ఐదో వరుసలో కూర్చుని రెండొందల పైన ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే చేతులు పొగలా చెదిరిపోయి ఉన్నాయి, మొహం సున్నం కొట్టినట్టు తెల్లగా వచ్చింది, జూమ్ చేసినవైతే తడిగుడ్డతో తుడిచిన ముగ్గుల్లా ఉన్నాయి. ఒక్కటీ ఫ్రేమ్ కట్టించేలా లేదు. ఫోన్ కొని రెండేళ్ళయింది, మధ్యరకం ధరది. మా ఆయన 75 వేలు ఇస్తానన్నారు, మళ్ళీ ఐదేళ్ళదాకా అడగొద్దని కూడా అన్నారు. ఫోన్ల షాపులో పెద్ద ఫోన్ తీసుకోమన్నారు, కెమెరా షాపులో ఫోన్‌తో నాట్యం తీయడమేమిటని నవ్వారు. ఎవరి సరుకు వాళ్ళు పొగుడుకుంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

ఫోన్‌చాలు_బాస్
పెద్ద ఫోనే. ఇందులో ఆలోచించడానికేం లేదు. ఇప్పుడొచ్చే ఫోన్లలో 200 మెగాపిక్సెళ్ళు, ఆ ధర కెమెరాల్లో 24. నైట్ మోడ్‌లో ఫోన్ వరసగా చాలా ఫొటోలు తీసి ఒకదానిమీద ఒకటి పేర్చి కలుపుతుంది, అందుకే చీకట్లో కూడా అంత శుభ్రంగా వస్తాయి. ఆ పని మిర్రర్‌లెస్ మామూలు మోడ్‌లో చెయ్యదు, చాలావరకు ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చుని మనమే చేసుకోవాలి. పైగా కెమెరా ఎప్పుడూ బీరువాలోనే ఉంటుంది, ఫోన్ జేబులో ఉంటుంది.

ఈఎంఐ_బాధితుడు
ఆ బీరువా మాటకి నా ఓటు. నాది 2021లో కొన్నాను, 12 వాయిదాలు కట్టాను, నెలకి సగటున నాలుగు ఫొటోలు తీశానేమో. ఒక్కో ఫొటో ఎంత పడిందో మా ఆవిడ లెక్కేసి ఫ్రిజ్ మీద అంటించింది.

పిట్టలదొర
పిట్టలు తీయాలంటే మాత్రం ఫోన్ గురించి ఆలోచించకండి. ఉప్పలపాడు వెళ్ళి చూడండి, గట్టు మీద నిలబడితే పెలికాన్‌లు, ఎర్రకాళ్ళ కొంగలు చెట్లనిండా ఉంటాయి కానీ ఫోన్‌లో చుక్కల్లా పడతాయి. 400 మిల్లీమీటర్ల లెన్స్ లేనిదే పని జరగదు.

చారుమజ్జిగ
దొరా, ఆవిడ అడిగింది పాప గురించి, పిట్ట గురించి కాదు.

పిట్టలదొర
సారీ, ఐదో వరుస అనేసరికి ఐదో చెట్టు అనుకున్నాను 😀

పాతలెన్స్
ఏది కొనాలో తర్వాత చూద్దాం, ముందు ఆ ఫొటోలు ఎందుకు చెడ్డాయో తెలియాలి. గోదారిగట్టు గారూ, చేతులు చెదిరిన ఫొటో ఒకటి గ్యాలరీలో తెరిచి పైకి జరపండి, కింద వివరాలు వస్తాయి. సెకనులో ఎన్నో వంతు అని ఒకటి ఉంటుంది, ఐఎస్‌ఓ ఎంత అని ఇంకోటి, అంటే అందిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపిందో చెప్పే అంకె. ఆ రెండూ చెప్పండి. జూమ్ చెయ్యని ఫొటో అయితే మేలు. స్టేజీకి మీకూ ఎంత దూరమో కూడా సుమారుగా చెప్పండి.

గోదారిగట్టు
చూశాను. 1/33, ఐఎస్‌ఓ 400, f/1.8 అని ఉంది. దాదాపు అన్నీ అలాగే ఉన్నాయి. దూరం ఎనిమిది మీటర్లు ఉంటుంది.

పాతలెన్స్
రోగం దొరికింది. 1/33 అంటే ఫోన్ సెకనులో ముప్ఫైమూడో వంతు సేపు కన్ను తెరిచి ఉంచింది. కదలకుండా నిలబడ్డ మనిషికి అది చాలు. జతికి అడుగు వేస్తున్న పిల్ల చెయ్యి అంత సేపట్లో జానెడు దూరం పోతుంది. చెయ్యి చెయ్యిలా పడాలంటే 1/250 కావాలి. అంటే ఏడున్నర రెట్లు తక్కువ వెలుతురు, ఆ లోటుని ఐఎస్‌ఓ పెంచి పూడ్చాలి, 400 ఉన్నది 3000 దాకా పోతుంది.

అయితే మొహం తెల్లగా పోయిందన్నారు. వెనక నల్ల తెర ఉంది కదా? ఫోనైనా కెమెరా అయినా ఫ్రేములో సగానికి పైగా నలుపు కనపడితే అయ్యో చీకటి అనుకుని మొత్తం వెలుగు పెంచేస్తుంది, పాపం మొహం బలైపోతుంది. అంటే మీ ఫోన్ అవసరం కన్నా దాదాపు రెండింతలు వెలుగు తీసుకుంది. అది సరిచేస్తే ఐఎస్‌ఓ 3000 కూడా అక్కర్లేదు, 1600 చాలు. కాబట్టి మీ మండపం లెక్క ఇది: 1/250, f/1.8, ఐఎస్‌ఓ 1600. f పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత పెద్దగా తెరుచుకున్నట్టు. ఇది మనసులో పెట్టుకుంటే ఏ షాపువాడు ఏం చెప్పినా ఈ కొలతతో కొలవచ్చు.

ఇప్పుడు ఫోన్‌చాలు గారి మాట. పేర్చి కలపడం నిజమే, గొప్ప పనే. గుడి గోపురం రాత్రిపూట తీయండి, ఫోన్ చేతిలో నా కెమెరా ఓడిపోతుంది. కానీ పేర్చాలంటే పది ఫొటోల్లోనూ వస్తువు ఒకచోటే ఉండాలి. పాప ఒక్కో ఫొటోలో ఒక్కోచోట ఉంటే ఫోన్ దేన్ని దేంతో కలపాలి? కొన్ని వదిలేస్తుంది, కొన్ని అతుకుతుంది. మీకు పొగలా కనిపించేది ఆ అతుకూ, ఆ 1/33 కలిసి.

ఫోన్‌చాలు_బాస్
సరే ఒప్పుకుంటా. మరి ఫోన్‌లో కూడా ప్రో మోడ్ ఉంది కదా, అందులో 1/250, 1600 పెట్టేస్తే అయిపోయె. కొత్తది కొనడం దేనికి?

పాతలెన్స్
అదే చెయ్యమని చెప్పబోతున్నా. పైసా ఖర్చు లేని పరీక్ష. చేతులు నిలుస్తాయి, కాకపోతే ఇసక చల్లినట్టు గరుకుగా వస్తుంది. కారణం మెగాపిక్సెళ్ళు కాదు, సెన్సర్ సైజు. పెద్ద ఫోన్లలో ప్రధాన కెమెరా సెన్సర్ సుమారు 10 మి.మీ. వెడల్పు, 7 మి.మీ. ఎత్తు. ఆ బడ్జెట్లో వచ్చే మిర్రర్‌లెస్‌లో 22 కి 15. వైశాల్యంలో నాలుగైదు రెట్లు. వానలో చెంబు పెట్టడానికీ గంగాళం పెట్టడానికీ ఉన్న తేడా.

ఇంకో ముఖ్యమైన సంగతి, దీన్ని ఎవరూ చెప్పరు. ఫోన్ ప్రధాన లెన్స్ చాలా వెడల్పుగా చూస్తుంది. ఎనిమిది మీటర్ల దూరం నుంచి ఎనిమిది మీటర్ల ఎత్తు లోకం కనిపిస్తుంది. పాప ఎత్తు మీటరున్నర లోపు. అంటే ఆ చెంబులో కూడా పాప వాటా ఒక మూల. దాన్ని కోసి పెద్దది చేసుకుంటున్నారు, అందుకే తుడిచిన ముగ్గులా ఉంది.

ఫోన్‌చాలు_బాస్
దానికే కదా టెలిఫొటో లెన్స్ వేరుగా ఉంటుంది!

పాతలెన్స్
ఉంటుంది, దాని సెన్సర్ ఇంకా చిన్నది. చీకటి పడితే చాలా ఫోన్లు ఆ లెన్స్ వాడనే వాడవు, మీరు 3x నొక్కినా ప్రధాన లెన్స్ బొమ్మనే కోసి చూపిస్తాయి. నమ్మకపోతే రాత్రి ఇంట్లో లైటు తగ్గించి 3x పెట్టి, ఆ చిన్న లెన్స్‌ని వేలితో మూసి చూడండి. తెర నల్లబడలేదంటే ఆ లెన్స్ వాడటం లేదన్నమాట.

గోదారిగట్టు
ఇప్పుడే వంటింట్లో చేసి చూశాను. వేలు పెట్టినా బొమ్మ అలాగే ఉంది!! రెండేళ్ళుగా 3x అనుకుని మోసపోతున్నానా.

చారుమజ్జిగ
నేనూ చేశాను. నాది నల్లబడింది. తర్వాత చూస్తే నేను మూసింది ప్రధాన లెన్స్.

డల్లాస్_బావ
ఈ లెక్కలన్నీ దేనికి బ్రో. నేను ఫుల్‌ఫ్రేమ్ బాడీ, 70-200 f/2.8 తీసుకున్నా, ఇక్కడ మా తెలుగు సంఘం ఉగాది కార్యక్రమం మొత్తం నేనే తీస్తా. ఒక్కసారి మంచిది కొనేస్తే పదేళ్ళు చూసుకోనక్కర్లేదు. చిన్న సెన్సర్ కొంటే ఏడాదిలో మళ్ళీ మార్చాలి.

ఈఎంఐ_బాధితుడు
బావా, ఆ లెన్స్ ఒక్కదాని ధరకి మా ఊళ్ళో బుల్లెట్ బండి వస్తుంది. ఆవిడ బడ్జెట్ 75 వేలు, ఐదేళ్ళకి.

డల్లాస్_బావ
ఓ, మొత్తానికి కలిపి 75 నా. సారీ, బాడీకి అనుకున్నా.

గోదారిగట్టు
పాతలెన్స్ గారూ, అయితే కెమెరానే అంటారా? షాపులో కెనాన్ ఆర్50 చూపించారు, 18-45 లెన్స్‌తో కలిపి 64 వేలు చెప్పారు. ఇది తీసేసుకోనా?

పాతలెన్స్
ఆగండి ఆగండి. అందరూ పడే గుంట ఇదే. కెమెరా మంచిదే, ఆ పెట్టెలో వచ్చే లెన్స్‌తో మీ మండపంలో తీస్తే ఫోనే నయం అనిపిస్తుంది. ఆ లెన్స్‌ని 45 దగ్గర పెడితే f/6.3 కన్నా తెరుచుకోదు. f/1.8తో పోలిస్తే పన్నెండో వంతు వెలుతురు. మన లెక్కలో ఐఎస్‌ఓ 1600 ఉన్నది 20 వేలు అవుతుంది. గంగాళం పెట్టి దానిమీద జల్లెడ బోర్లించినట్టు. పెద్ద సెన్సర్‌కి పెట్టిన డబ్బంతా ఆ లెన్స్ దగ్గరే పోతుంది. ఫోన్ మానేసి కెమెరా కొన్నవాళ్ళలో సగంమంది ఇంట్లో లైటు కింద నాలుగు ఫొటోలు తీసి, దీనికా ఇంత పోసింది అని బీరువాలో పెట్టేది ఇందుకే.

ఈఎంఐ_బాధితుడు
...నా కథ నీకెలా తెలుసన్నా. నాది వేరే కంపెనీ, 16-50 లెన్స్. కొన్న రోజు రాత్రి కేక్ కటింగ్ తీశాను, ఫోన్‌లో తీసిన మా తమ్ముడివి బాగా వచ్చాయి. ఆ రోజే మనసు విరిగిపోయింది.

పాతలెన్స్
నీకు కావాల్సింది కొత్త కెమెరా కాదు, ఒక్క 50 లేదా 35 మి.మీ. f/1.8 లెన్స్. నీ ఫ్రిజ్ మీద లెక్క మారిపోతుంది.

గోదారిగట్టు గారికి: ఆర్50 కి 50 మి.మీ. f/1.8 లెన్స్ వేస్తే ఎనిమిది మీటర్ల నుంచి అడ్డంగా తీసినప్పుడు దాదాపు 2.4 మీటర్ల ఎత్తు ఫ్రేములో పడుతుంది. పాప నెత్తి మీద చేతులెత్తినా పైనా కిందా జాగా మిగులుతుంది, కోయాల్సిన పని తక్కువ. ఆ లెన్స్ దొరికితే కిట్ లెన్స్ లేకుండా బాడీ ఒక్కటే అమ్ముతారేమో అడగండి.

ఫోన్‌చాలు_బాస్
ఇప్పుడే చూశా, ఆ బాడీలోనూ స్టెబిలైజేషన్ లేదు, ఆ 50 లెన్స్‌లోనూ లేదు. ఫోన్‌లో ఉంది. చెయ్యి వణికితే ఏం చేస్తారు?

పాతలెన్స్
మంచి ప్రశ్నే. స్టెబిలైజేషన్ ఆపేది మీ చెయ్యి వణుకుని, పాప చెయ్యి కదలికని కాదు. 1/250 దగ్గర మీ వణుకు ఎలాగూ కనపడదు. వీడియోకి మాత్రం మీరన్నది నిజం. నడుస్తూ చేత్తో పట్టుకుని తీసే వీడియో ఫోన్‌లోనే బాగుంటుంది, నేనూ ఫోన్‌తోనే తీస్తాను.

వైజాగ్_ఉప్పుగాలి
f/1.8 అంటే ముక్కు మీద ఫోకస్ ఉంటే చెవి మసక అంటారు కదా, నాట్యం మొత్తం మసక రాదా?

పాతలెన్స్
అది దగ్గర నుంచి తీస్తే. మీటరున్నర దూరంలో మొహం తీస్తే స్పష్టంగా ఉండేది ఆరు సెంటీమీటర్ల మందం మాత్రమే. ఎనిమిది మీటర్లకి వెళ్తే అదే లెన్స్‌తో ముందూ వెనకా కలిపి మీటరున్నరకి పైనే వస్తుంది. ఒక్క పిల్లకి దండిగా సరిపోతుంది. మూడు వరసల బృందానికి సరిపోదు.

నట్టువాంగం
నేను కూచిపూడి నేర్పుతాను, ఫొటోలు తీయను, తీసేవాళ్ళని ఇరవై ఏళ్ళుగా స్టేజీ పక్క నుంచి చూస్తున్నాను. మీరంతా వేగం గురించే మాట్లాడుతున్నారు. నాట్యం ఎడతెరిపి లేకుండా కదిలేది కాదండీ. ప్రతి జతి చివర ముక్తాయింపు ఉంటుంది, మూడుసార్లు తిరిగి వచ్చి సమం మీద పడగానే పిల్ల భంగిమలో ఆగుతుంది. ఆ ఆగడం ఒక్క క్షణమే అయినా అది నిజంగా ఆగడమే. తెలియనివాళ్ళు పిల్ల గెంతినప్పుడల్లా నొక్కుతుంటారు, ఆగినప్పుడు ఫోన్ దించి చప్పట్లు కొడతారు! తాళం లెక్కపెట్టుకుంటే మూడోసారి ఎక్కడ పడుతుందో ముందే తెలుస్తుంది. అమ్మగారు పాప క్లాసులో పక్కన కూర్చుంటారు కదా, జతులు ఈపాటికి నోటికి వచ్చే ఉంటాయి. కెమెరా షాపువాడికి లేని లాభం మీకుంది.

ఫోన్‌చాలు_బాస్
చూశారా! ఆగినప్పుడు తీస్తే 1/60 చాలు, ఫోన్ చాలు. నేను చెప్పిందే.

పాతలెన్స్
నువ్వు చెప్పింది 200 మెగాపిక్సెళ్ళని. కానీ నట్టువాంగం గారు చెప్పింది బంగారం, నేను పెళ్ళిళ్ళే ఎక్కువ తీశాను కనుక నాకు ఇది తట్టలేదు. 1/60 దాకా దిగొచ్చంటే ఐఎస్‌ఓ 400 చాలు. ఆ భంగిమలకి ఫోన్ నిజంగానే పనిచేస్తుంది. ఒక చిక్కుంది: ఫోన్‌లో బటన్ నొక్కాక ఏ క్షణం పడిందో దాని ఇష్టం. ఆటోలో చాలావరకు ఫరవాలేదు, నైట్ మోడ్ మాత్రం తప్పక ఆపండి.

గోదారిగట్టు గారూ, ఏదీ కొనకముందు ఒక పని చెయ్యండి. మీ ఊళ్ళో పెళ్ళిళ్ళు తీసే స్టూడియో ఏదైనా ఉంటుంది, రోజు అద్దెకి కెమెరా, 50 మి.మీ. లెన్స్ అడగండి. రిహార్సల్‌కి రెండూ తీసుకెళ్ళండి. డయల్ M మీద పెట్టి 1/250, f/1.8, ఐఎస్‌ఓ ఆటో, ఎక్స్‌పోజర్ -1కి దించండి. ఫోన్‌లో పాప మొహం మీద వేలు నొక్కి పట్టుకుని, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి లాగండి. ఫ్లాష్ రెండింట్లోనూ ఆపండి, ఎనిమిది మీటర్లకి అది ముందు వరుస వాళ్ళ నెత్తులకి తప్ప దేనికీ పనికిరాదు.

చారుమజ్జిగ
మా ఊళ్ళో స్టూడియో ఆయన అద్దెకి అడిగితే ఆయన కూడా వెంట వస్తానంటాడు. డ్రోన్ కూడా తెస్తానంటాడు.

వైజాగ్_ఉప్పుగాలి
అద్దె సరే, పాతది కొంటే? 25 వేలకి మంచి డీఎస్‌ఎల్‌ఆర్‌లు దొరుకుతున్నాయి. అయితే కొనేముందు లెన్స్ వెనక నుంచి ఫోన్ టార్చి కొట్టి ముందు నుంచి చూడండి. లోపల సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తే వదిలేయండి, అది బూజు. నేను చూడకుండా కొన్నాను, శుభ్రం చేయించడానికి అడిగిన డబ్బుకి ఇంకో లెన్స్ వచ్చేది. సముద్రం గాలికి ఇక్కడ మామూలే, మీ గోదారి తేమకి కూడా వస్తుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోండి, నీలంగా ఉన్నది గులాబీ రంగుకి మారితే మార్చండి.

ఈఎంఐ_బాధితుడు
మా అమ్మ బియ్యం డబ్బాలో పెట్టమంది, బియ్యం తేమ పీలుస్తుందట.

వైజాగ్_ఉప్పుగాలి
వద్దు బాబూ, ఆ పిండి దుమ్ము లెన్స్ రింగుల్లోకి పోతుంది.

పాతలెన్స్
పాత డీఎస్‌ఎల్‌ఆర్ తప్పేమీ కాదు, సెన్సర్ దాదాపు అంతే సైజు, 50 f/1.8 కూడా చవకగా వస్తుంది. కాకపోతే రెండు మాటలు. ఒకటి, కొన్ని చిన్న బాడీల్లో ఫోకస్ మోటార్ ఉండదు, పాతరకం లెన్స్ కొంటే ఆటోఫోకస్ రాదు, చేత్తో తిప్పుకోవాలి. నేను మొదట్లో అలాగే ఒకటి కొని ఒక పెళ్ళి మొత్తం చేత్తో తిప్పాను. రెండోది, వ్యూఫైండర్‌లో చూసి తీసేటప్పుడు ఆ చవక బాడీల ఫోకస్ పాయింట్లు మధ్యలోనే గుంపుగా ఉంటాయి, కన్ను వెతికి పట్టుకోవు. స్టేజీ అంతా తిరిగే పిల్లని కొత్తగా నేర్చుకునేవాళ్ళు దాంతో పట్టుకోవడం కష్టం. మిర్రర్‌లెస్‌కి డబ్బు ఎక్కువ పెడుతున్నామంటే దీనికోసమే.

గోదారిగట్టు
వారమైంది, రిపోర్టు ఇస్తున్నా. స్టూడియో ఆయన మా ఇంటి వెనక వీధే, ఆర్50, 50 లెన్స్ రోజుకి వెయ్యి రూపాయలకి ఇచ్చారు. (చారుమజ్జిగ గారూ, వెంట రాలేదు. రాత్రి తొమ్మిదికి మాత్రం ఫోన్ చేసి అయిపోయిందా అని అడిగారు.) రిహార్సల్ అదే మండపంలో, అవే లైట్లు.

మొదటి అరగంట అంతా వృథా. నేను డయల్ ఆటోలో వదిలేశాను, అది 1/60 పెట్టుకుంటూ పోయింది, మళ్ళీ అదే పొగ. గుర్తొచ్చి M లో మీరు చెప్పినట్టు పెట్టాను. ఐఎస్‌ఓ 1250కి 2000కి మధ్య తిరిగింది, అంటే మీ లెక్క దాదాపు సరిగ్గా పడింది. తరంగంలో పాప పళ్ళెం అంచు మీద నిలబడి ముందుకి జరుగుతుంది కదా, అప్పుడు వేళ్ళు విడివిడిగా, జడ గాల్లో ఆగినట్టు, నుదుటి మీద చెమట చుక్క కూడా పడింది. చూసి నాకే నమ్మబుద్ధి కాలేదు.

చెడ్డవి కూడా చెప్తాను. ముగ్గురు పిల్లలు కలిసి చేసినప్పుడు కెమెరా ముందున్న పిల్ల మొహాన్నే పట్టుకుంది, మా పాప వెనక మసగ్గా మిగిలింది. ఇంకోటి, షట్టర్ చప్పుడుకి టీచర్‌గారు రెండుసార్లు ఇటు చూశారని సైలెంట్ మోడ్ పెట్టాను, ఆ ఫొటోలన్నిటికీ అడ్డంగా నల్ల చారలు! లెన్స్ పాడయిందేమో, స్టూడియో ఆయనకి ఏం చెప్పాలో అని టెన్షన్ పడ్డాను. మొత్తం 340 తీస్తే ఉంచుకోదగ్గవి 22.

ఫోన్ సంగతి: ప్రో మోడ్‌లో 1/250 పెడితే చేతులు నిలిచాయి, ఇసక మాత్రం బాగానే ఉంది, ఇందులోనూ లేతగా చారలు. కానీ నట్టువాంగం గారు చెప్పినట్టు ముక్తాయింపు లెక్కపెట్టి 1/60తో, స్టేజీ అంచు దాకా దగ్గరికెళ్ళి తీసినవి ఆరు చాలా బాగా వచ్చాయి. మా ఆడపడుచుకి రెండు రకాలూ పంపితే ఫోన్‌వే బాగున్నాయంది. ఎందుకని అడిగితే అవి రాత్రే వచ్చాయట, కెమెరావి మర్నాడు మధ్యాహ్నం పంపానట.

పాతలెన్స్
340కి 22 అంటే మొదటి రోజుకి చాలా ఎక్కువ, నావి అంతకన్నా తక్కువ.

చారలకి లెన్స్ కారణం కాదు. ఎల్‌ఈడీ లైట్లు చాలావరకు మన కరెంటుతో పాటు సెకనుకి వందసార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతాయి, కంటికి తెలియదు. సైలెంట్ మోడ్‌లో సెన్సర్ పైనుంచి కిందికి వరసగా నెమ్మదిగా చదువుతుంది, ఈలోగా లైటు ఒకటి రెండుసార్లు ఆరి వెలుగుతుంది, అవే చారలు. ఫోన్‌లో ఎప్పుడూ ఆ పద్ధతే. చప్పుడుండే మామూలు షట్టర్ వాడితే చాలావరకు పోతాయి, మిగిలినా ఒక ఫొటో కాస్త డల్‌గా, ఇంకోటి వెలుగుగా రావచ్చు. 1/100కి దిగితే అదీ ఉండదు, కానీ చేతులు మళ్ళీ చెదురుతాయి. రెండిట్లో ఏది కావాలో అప్పటికప్పుడు తేల్చుకోవాల్సిందే.

ముగ్గురిలో పాపని పట్టుకోవాలంటే తెర మీద పాప మొహాన్ని వేలితో తాకండి, తర్వాత ఆ పిల్ల వెంటే పోతుంది. ఒకరికొకరు అడ్డొస్తే మళ్ళీ తప్పుతుంది, మళ్ళీ తాకాలి.

నట్టువాంగం
చప్పుడు పట్టించుకోకండి, మృదంగం మోతలో మాకేం వినపడుతుంది. మీ టీచర్‌గారు చూసింది మీరు నడిచే దారిలో నిలబడ్డారనేమో.

ఫోన్‌చాలు_బాస్
దగ్గరికెళ్తే ఫోన్ చాలని ఆవిడే రాసింది, అందరూ గమనించాలని మనవి.

ఈఎంఐ_బాధితుడు
అసలు కార్యక్రమం రోజు స్టేజీ అంచు దాకా ఎవరు వెళ్ళనిస్తారు బాస్, అక్కడ కార్పొరేటర్ గారి కుర్చీ ఉంటుంది.

డల్లాస్_బావ
అందుకే 70-200...

చారుమజ్జిగ
బావా 😐

గోదారిగట్టు
నేను అనుకుంటున్నది చెప్తాను, తప్పయితే చెప్పండి. ఫోన్ ఇదే ఇంకో రెండేళ్ళు వాడతాను, మార్చను. షాపులో బాడీ ఒక్కటే ఇవ్వం, కిట్‌గానే అన్నారు. 64 ప్లస్ లెన్స్ 16, ఐదు వేలు దాటిపోతోంది. స్టూడియో ఆయన తన ఆర్50 ఏడాది వాడింది, 50 లెన్స్‌తో కలిపి 58 వేలకి ఇస్తానంటున్నారు, కొత్తది తీసుకుంటారట. టార్చి వేసి చూశాను, పోగులేమీ లేవు. తీసుకోవచ్చా?

వైజాగ్_ఉప్పుగాలి
పెళ్ళిళ్ళకి వాడిన కెమెరా అంటే ఏడాదిలో లక్ష క్లిక్కులు కొట్టేసి ఉంటుంది. నేనైతే తీసుకోను. బిల్లు ఉందా, వారంటీ మిగిలిందా అడగండి.

పాతలెన్స్
నేనైతే ఇంకో మూడు తగ్గించమని అడిగి తీసుకుంటాను. ఆయన ప్రధాన కెమెరా ఇది అయి ఉండదు, రీల్స్‌కి పెట్టుకుని ఉంటాడు. అయినా ఉప్పుగాలి గారి అనుమానం కొట్టిపారేసేది కాదు, బిల్లు చూడండి. బ్యాటరీ ఒకటి అదనంగా అడగండి, రెండు గంటల కార్యక్రమానికి ఒక్కటి నమ్ముకుని వెళ్ళకూడదు.

ఈఎంఐ_బాధితుడు
నేను నిన్న 35 f/1.8 పాతది తెచ్చాను. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. రాత్రి ట్యూబ్‌లైటు కింద మా వాడు నూడుల్స్ తింటుంటే తీశా. అన్నా, ఇది వేరే కెమెరాలా ఉంది.

గోదారిగట్టు
బిల్లు ఉంది, వారంటీ ఇంకో ఏడాది ఉంది. 56కి ఒప్పుకున్నారు, బ్యాటరీ మాత్రం ఇవ్వనన్నారు. రేపు సాయంత్రం మాట్లాడుకుంటాం. ఇంకొక్కటి అడగాలి, అసలు కార్యక్రమంలో లైటింగ్ వాళ్ళు ఎర్ర లైటు వేస్తారట, పోయినసారి ఎర్ర లైటులో పాప మొహం టమాటా ముక్కలా వచ్చింది. దానికి కెమెరాలో ఏమైనా ఉందా?

పాతలెన్స్
లేదు. ఎర్ర ఒక్కటే పడితే ఏ కెమెరాలోనూ మొహంలో వివరం నిలవదు. ఎక్స్‌పోజర్ -2 దాకా తగ్గించి, తర్వాత నలుపు తెలుపుకి మార్చుకుంటే కొంత దక్కుతుంది. తెల్ల లైటు కలిసే దాకా ఆగడమే మేలు.

నట్టువాంగం
లైటింగ్ అబ్బాయికి ముందే ఒక మాట చెప్పండి, పొగడ్తా టీ రెండూ ఇచ్చి. తరంగం అప్పుడు తెల్లలైటు వేస్తాడు. మేమూ అలాగే చేయించుకుంటాం.